ఒకే చుక్కలో పెరుగు, పల్లి వేరు బుడిపె: గ్రామ్ స్టెయిన్‌లో ఊదా రంగు ఎవరిలో నిలుస్తుంది, ఎందుకు నిలుస్తుంది

గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకు గోడ మందం కాబట్టి క్రిస్టల్ వయొలెట్ నిలుస్తుంది, గ్రామ్ నెగెటివ్‌కు పల్చన కాబట్టి పోతుంది. డిగ్రీ రికార్డులో ఈ ఒక్క మాట రాస్తే మార్కులు పడతాయి. స్లైడు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ మాట సగమే అక్కరకొస్తుంది. ఎందుకంటే మొదటి నిమిషంలో రెండు రకాలూ ఊదా రంగును ఒకేలా పీల్చుకుంటాయి. ఆల్కహాల్‌లో చాలాసేపు ఉంచితే రెండింటి నుంచీ రంగు పోతుంది కూడా. తేడా అంతా ఎంత తొందరగా పోతుందన్న దాంట్లోనే ఉంది. ఒకదాంట్లో కొన్ని సెకన్లు చాలు, ఇంకోదాంట్లో అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఆ రెండు సమయాల నడుమ మనం ఆల్కహాల్‌ను ఆపేస్తాం కాబట్టే స్లైడు మీద రెండు రంగులు మిగులుతాయి.

ఈ సంగతి కళ్లతో చూడాలంటే రెండు రకాల బ్యాక్టీరియాను ఒకే చుక్కలో కలిపి స్టెయిన్ చేయాలి. అప్పుడు రెండింటికీ అదే రంగు, అదే ఆల్కహాల్, అవే సెకన్లు. మీ చెయ్యి ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ చేసే వీలే ఉండదు. మిగిలే తేడా గోడదే. దీనికి ఆసుపత్రి కల్చర్లు అక్కర్లేదు. ఇంట్లో తోడేసిన పెరుగులో ఉండేవి దాదాపు అన్నీ గ్రామ్ పాజిటివ్. పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్లో పల్లి చెట్టు వేళ్లకుండే బుడిపెల్లోని రైజోబియం కోవ బ్యాక్టీరియా గ్రామ్ నెగెటివ్. రెండూ మనిషికి హాని చేసేవి కావు. కాలేజీ ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ పనిచేయకపోయినా ఈ ప్రాక్టికల్ ఆగదు.

ముందు గోడల సంగతి

రెండు గోడల్లోనూ అసలు సరుకు పెప్టిడోగ్లైకాన్. చక్కెర గొలుసులను చిన్న పెప్టైడ్ ముక్కలు అడ్డంగా కలిపి కుట్టిన వల అది. గ్రామ్ పాజిటివ్ కణంలో ఈ వల వరస మీద వరసగా పేరుకుని సుమారు 20 నుంచి 80 నానోమీటర్ల మందం ఉంటుంది. మధ్యమధ్యలో టైకోయిక్ ఆమ్లాల పోగులు గుచ్చుకుని ఉంటాయి. దాని కింద లోపలి పొర, ఆ లోపల సైటోప్లాజం. గోడకు పైన ఇంకో కొవ్వు పొర ఉండదు.

గ్రామ్ నెగెటివ్ కణంలో అదే వల కొద్ది నానోమీటర్లే, ఒకటి రెండు వరసలు. కాకపోతే దాని మీద ఇంకో పొర కప్పి ఉంటుంది. ఈ బయటి పొర కొవ్వు పదార్థంతో అయినది, పైవైపు లైపోపాలీశాకరైడ్ ఉంటుంది. బతికున్న కణానికి ఇదే కవచం, చాలా మందులను లోపలికి రానివ్వదు. కానీ కొవ్వు గనక ఆల్కహాల్ ముందు నిలవదు. స్టెయినింగ్‌లో దాని బలహీనత అదే.

పల్చటి పంచె గుడ్డకూ, నాలుగు మడతలేసిన గొంగడికీ ఉన్న తేడా అనుకోండి. రెండింటిలోనూ రంగునీళ్లు ఇంకుతాయి. పిండినప్పుడు పంచె తొందరగా వదిలేస్తుంది, గొంగడి వదలదు.

రంగులు, కొలతలు

రెడీమేడ్ కిట్ ఉంటే అదే వాడండి. లేకపోతే ఇలా చేసుకోండి. 2 గ్రాముల క్రిస్టల్ వయొలెట్‌ను 20 మి.లీ. 95 శాతం ఇథైల్ ఆల్కహాల్‌లో కరిగించండి. వేరే గ్లాసులో 0.8 గ్రాముల అమ్మోనియం ఆక్సలేట్‌ను 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. రెండూ కలిపి ఒక రోజు ఉంచి, ఫిల్టర్ పేపర్‌తో వడకట్టండి. వడకట్టకుండా వాడితే స్లైడు మీద ముదురు ఊదా రవ్వలు పడతాయి. కొత్తవాళ్లు వాటినే కోకై అనుకుని రికార్డులో గీసేస్తుంటారు.

అయోడిన్ ద్రావణానికి 2 గ్రాముల పొటాషియం అయొడైడ్‌ను ముందుగా కొద్దిపాటి నీళ్లలో కరిగించి, దాంట్లో 1 గ్రాము అయోడిన్ వేసి పూర్తిగా కరిగేదాకా కలిపి, అప్పుడు డిస్టిల్డ్ వాటర్‌తో 300 మి.లీ. చేయండి. ఈ వరస తప్పకూడదు. అయోడిన్ ఒట్టి నీళ్లలో సరిగా కరగదు. అయొడైడ్‌తో కలిసి I₃⁻ గా మారితేనే కరుగుతుంది, మనకు కావలసింది కూడా ఆ I₃⁻ అయానే. ముదురు గోధుమ రంగు సీసాలో పోసి, గట్టిగా మూత పెట్టి, చల్లని చోట ఉంచండి. నల్గొండ ఎండల్లో రేకుల కింద ఉన్న స్టోర్ రూంలో పెడితే అయోడిన్ ఆవిరైపోతుంది. ముదురు టీ రంగులో ఉండాల్సిన ద్రావణం లేత పసుపుకు దిగిందంటే పారబోసి కొత్తది చేయండి.

రంగు తీయడానికి 95 శాతం ఇథైల్ ఆల్కహాల్. ల్యాబ్‌లో అబ్సల్యూట్ ఆల్కహాల్ ఉంటే 95 మి.లీ. కి 5 మి.లీ. నీళ్లు కలపండి. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్, శానిటైజర్ వద్దు. వాటిలో నీళ్ల పాలు వేరు, ఇంకేవో కలిపి ఉంటాయి, కింద ఇచ్చిన సెకన్లు వాటికి వర్తించవు. అసిటోన్ కలిపిన ఆల్కహాల్ కొన్నిచోట్ల వాడతారు. అది చాలా వేగంగా పనిచేస్తుంది, చెయ్యి తిరిగినవాళ్లకే ఇవ్వాలి.

చివరి రంగు సఫ్రానిన్. 0.25 గ్రాములను 10 మి.లీ. 95 శాతం ఆల్కహాల్‌లో కరిగించి, 90 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలపండి.

బోరు నీళ్లతో రంగులు కలపకండి. మన దగ్గర నీళ్లలో ఉప్పు పాలు ఎక్కువ. స్లైడు కడగడానికి కుళాయి నీళ్లు వాడినా, చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో కానివ్వండి. లేకపోతే ఆరాక తెల్లటి ఉప్పు మచ్చలు మిగిలి ఫోకస్ కుదరదు.

నమూనాలు తేవడం

పెరుగు రాత్రి తోడేసి పొద్దున వాడండి. మూడు నాలుగు రోజుల పులిసిన పెరుగు ఈ పనికి పనికిరాదు. ఎందుకో కింద వస్తుంది. మీగడ పక్కకు తీసి, మధ్యలోంచి ఒక లూపెడు తీసుకుని 1 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. చిక్కటి పెరుగే నేరుగా స్లైడు మీద రాస్తే పాల కొవ్వు, కేసీన్ రంగు పీల్చుకుని నేపథ్యమంతా మసకబారుతుంది.

పల్లి చెట్టును విత్తిన 30 నుంచి 45 రోజుల మధ్య తీయండి. వానాకాలం పంటైనా యాసంగి పంటైనా లెక్క ఒకటే. మొదలు పట్టి పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. పారతో మట్టి గడ్డతో సహా తవ్వి, బకెట్ నీళ్లలో నానబెట్టి మట్టి వదిలించాలి. పల్లికి బుడిపెలు పక్క వేళ్లు పుట్టే కణుపుల దగ్గర గుండ్రంగా అతుక్కుని ఉంటాయి, గోటితో గీరితే ఊడివస్తాయి. వేరే ఉబ్బి ముడిపడినట్టుండి ఊడిరాకపోతే అది నులిపురుగు తెగులు కావచ్చు, దాన్ని వదిలేయండి.

ఊడిన బుడిపెను బాగా కడిగి, 95 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం ముంచి, మళ్లీ నాలుగైదు సార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఈ కడుగుళ్లను తేలికగా తీసుకోవద్దు. మట్టిలో బేసిల్లస్ జాతి విపరీతంగా ఉంటుంది, అది గ్రామ్ పాజిటివ్. బుడిపె తోలు మీద అది మిగిలితే మీ గ్రామ్ నెగెటివ్ స్మియర్‌లో ఊదా కడ్డీలు తేలి, మొత్తం లెక్క తారుమారవుతుంది. బ్లేడుతో బుడిపెను రెండు చెక్కలు చేయండి. లోపల ఎర్రగా, గులాబీగా ఉంటే పనిచేస్తున్న బుడిపె. ఆకుపచ్చగానో మట్టి రంగులోనో ఉంటే ముదిరిపోయింది, ఇంకోటి తీసుకోండి. ఎర్ర భాగాన్ని గాజు కడ్డీతో రెండు చుక్కల నీళ్లలో నలిపి, తొక్కలు పక్కకు తీస్తే పాలలాంటి నీళ్లు మిగులుతాయి. అదే మన నమూనా.

స్మియర్

ఒకే స్లైడు మీద మూడు స్మియర్లు. ఎడమ పక్క పెరుగు ఒక్కటే, కుడి పక్క బుడిపె ఒక్కటే, మధ్యలో రెండింటినీ ఒక్కో లూపెడు వేసి కలిపినది. ఒక్కోటి రూపాయి బిళ్లకంటే చిన్నగా ఉండాలి. గుర్తులు మార్కర్ పెన్నుతో పెట్టకండి, ఆల్కహాల్‌కు చెరిగిపోతాయి. డైమండ్ పెన్సిల్‌తో స్లైడు అడుగువైపు గీయండి.

స్మియర్ ఎంత పల్చన ఉండాలంటే, ఆరాక స్లైడును వార్తాపత్రిక మీద పెడితే అక్షరాలు చదవగలగాలి. ఈ ప్రాక్టికల్‌లో పాడయ్యే స్లైడుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పాడవుతాయి. మందంగా ఉన్నచోట కణాల కుప్పలోకి ఆల్కహాల్ ఆలస్యంగా దిగుతుంది. గ్రామ్ నెగెటివ్ కణం తప్పేమీ లేకుండానే ఊదాగా మిగిలిపోతుంది.

గాలికి ఆరనిచ్చి, స్మియర్లు మునిగేలా మిథనాల్ వేసి 2 నిమిషాలు ఉంచి, వంచి, మళ్లీ ఆరనివ్వండి. మిథనాల్ కణాలను గాజుకు అతికిస్తుంది, పెరుగులోని కొవ్వును కొంత కడిగేస్తుంది కూడా. మిథనాల్ లేకపోతే స్పిరిట్ ల్యాంపు మంట మీదుగా రెండు మూడు సార్లు తిప్పండి. స్లైడు వెనకవైపును అరచేతి వెనక ఆనిస్తే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఎక్కువ కాలిస్తే గ్రామ్ పాజిటివ్ గోడ చిట్లుతుంది. చిట్లిన గోడ ఎంత మందమైనా రంగును ఆపలేదు. ల్యాంపును ఇక్కడే ఆర్పేయండి, ముందు ఆల్కహాల్ పని ఉంది.

రంగు వేయడం, గోడలో జరిగేది

క్రిస్టల్ వయొలెట్‌తో స్మియర్లను ముంచి 1 నిమిషం ఉంచండి. నీళ్లలో ఈ రంగు విడిపోయి CV⁺ అయానవుతుంది. రెండు రకాల గోడలకూ పైన రుణావేశం ఉంటుంది, ఒకదానికి టైకోయిక్ ఆమ్లాల వల్ల, ఇంకోదానికి లైపోపాలీశాకరైడ్ వల్ల. అందుకని CV⁺ రెండింటికీ అంటుకుని లోపలికి దిగుతుంది. బయటి పొర అడ్డు కదా అంటారేమో. ఫిక్స్ చేసిన కణం చచ్చిపోయింది, పొర అప్పటికే దెబ్బతిన్నది, నిమిషం దానికి ఎక్కువే. మే నెలలో ఫ్యాను కింద పనిచేస్తుంటే రంగు నిమిషంలోపే అంచుల్లో ఎండిపోతుంది. ఎండనివ్వకుండా ఇంకో రెండు చుక్కలు వేయండి.

నీళ్లతో 2 నుంచి 5 సెకన్లు, మెల్లటి ధారతో కడగండి. ఎక్కువ కడగొద్దు. ఈ దశలో రంగు నీళ్లలో కరిగే రూపంలోనే ఉంది, దాన్ని పట్టి ఉంచేదేమీ ఇంకా రాలేదు. కుళాయి కింద అర నిమిషం పట్టుకుని నిలబడితే గ్రామ్ పాజిటివ్ కణం కూడా పాలిపోతుంది.

అయోడిన్ వేసి 1 నిమిషం. I₃⁻ లోపలికి వెళ్లి CV⁺ తో జతకట్టి పెద్ద ముద్దలాంటి సమ్మేళనం అవుతుంది. అది నీళ్లలో కరగదు. ఇది కూడా రెండు రకాల కణాల్లోనూ జరుగుతుంది. ఈ క్షణాన స్లైడును మైక్రోస్కోపు కింద పెడితే మూడు స్మియర్లూ ఊదాగానే ఉంటాయి. ఒకసారి అలా పెట్టి చూడటం మంచిది. గ్రామ్ నెగెటివ్‌కు ఊదా రంగు పట్టదు అనే అపోహ అక్కడితో పోతుంది.

తర్వాత నీళ్లతో కడిగి, స్లైడును గట్టిగా విదిలించండి. నీళ్లు మిగిలితే ఆల్కహాల్ పల్చనవుతుంది.

ఇక ఆల్కహాల్. స్లైడును పొడుగు అంచు కిందికి వచ్చేలా వంచి పట్టుకోండి. పొట్టి అంచు కిందికి పెడితే మొదటి స్మియర్ నుంచి దిగిన రంగు రెండో దాని మీదుగా, అది మూడో దాని మీదుగా పారుతుంది. మూడింటికీ సమానమైన ఆల్కహాల్ అందదు. డ్రాపర్‌తో మూడు స్మియర్ల పైన వరసగా చుక్కలు వదులుతూ పోండి. మొదట ముదురు ఊదా ధార వస్తుంది, క్రమంగా లేతబడుతుంది. ధార దాదాపు తేటగా వచ్చిన వెంటనే ఆపి నీళ్లు పోయండి. పల్చటి స్మియర్‌కు ఇది 10 నుంచి 15 సెకన్ల పని. కాప్లిన్ జార్ ఉంటే ఇంకా మేలు, ఆల్కహాల్ నింపి స్లైడును ముంచి మెల్లగా కదుపుతూ 10 సెకన్లు లెక్కపెట్టి తీయండి. మూడు స్మియర్లకూ కచ్చితంగా ఒకే సమయం అందుతుంది.

ఈ పది సెకన్లలోనే అంతా తేలుతుంది. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్ సమ్మేళనం నీళ్లలో కరగకపోయినా ఆల్కహాల్‌లో కరుగుతుంది, అది రెండు కణాల్లోనూ నిజమే. బుడిపె బ్యాక్టీరియాలో ఆల్కహాల్ ముందు బయటి పొర కొవ్వును కరిగిస్తుంది. కింద ఒకటి రెండు వరసల వల ఉంది, దాని కింద లోపలి పొరకూ చిల్లులు పడతాయి. కరిగిన రంగుకు అడ్డమేమీ లేదు, బయటికి పోతుంది. పెరుగు బ్యాక్టీరియాలో కరగడానికి బయటి పొరే లేదు. ఆల్కహాల్ నేరుగా మందపాటి వలను తాకి దాంట్లోని నీళ్లను లాగేస్తుంది. నీళ్లు పోయిన వల ముడుచుకుంటుంది, సందులు ఇరుకవుతాయి. లోపలికి ఆల్కహాల్ వెళ్లడమూ, కరిగిన పెద్ద సమ్మేళనం బయటికి రావడమూ రెండూ నెమ్మదిస్తాయి. అందుకే ఆల్కహాల్‌ను ఆపి వెంటనే నీళ్లు పోయడం అంత ముఖ్యం. స్లైడు మీద తడి ఆల్కహాల్ ఉన్నంతసేపూ రంగు పోతూనే ఉంటుంది.

చివరగా సఫ్రానిన్ 1 నిమిషం, కడగడం, బ్లాటింగ్ పేపర్‌తో అద్దడం. రుద్దొద్దు. సఫ్రానిన్ కూడా అన్ని కణాలకూ అంటుతుంది. ఊదా మిగిలిన చోట దాని ఎరుపు కనిపించదు, అంతే.

100 ఎక్స్ కింద ఏం కనిపించాలి

ఆయిల్ వేసి ముందు ఎడమ స్మియర్ చూడండి. ఊదా రంగులో పొడుగు కడ్డీలు, జంటలుగా గొలుసులుగా చిన్న గుండ్లు ఉంటాయి. వాటికంటే చాలా పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో ఊదావి కనిపిస్తే అవి ఈస్ట్, బ్యాక్టీరియా కిందికి లెక్కపెట్టొద్దు. కుడి స్మియర్‌లో గులాబీ కణాలు. పల్లి బుడిపెలో రైజోబియం మామూలు కడ్డీ ఆకారంలో ఉండదు, ఉబ్బి గుండ్రంగా మారి ఉంటుంది. గుండ్రంగా ఉన్నాయి కదా అని కోకై అని రాయకండి. కడ్డీ ఆకారమే చూపాలనుకుంటే బొబ్బర్ల బుడిపె తీసుకోండి. అక్కడక్కడా మొక్క కణాల తుక్కు, పిండి రేణువులు కూడా ఉంటాయి. పిండి అయోడిన్‌కు నీలి నలుపు తిరుగుతుంది, ఏమైనా మిగిలితే పెద్ద పరిమాణాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు.

మధ్య స్మియర్‌లో ఒకే ఫీల్డులో ఊదా గొలుసు పక్కనే గులాబీ గుండ్లు కనిపించాలి. అది కనిపించిందంటే మీ ఆల్కహాల్ సమయం సరిపోయింది.

ఇప్పుడు అసలు సంగతిని తేల్చే నాలుగు స్లైడులు చేయండి. అన్నింటి మీదా మధ్య స్మియర్ లాంటి కలిపిన చుక్కే, ఒకే చేత్తో ఒకేసారి వేసినది. ఒక్కో స్లైడుకూ జార్‌లో కొత్త ఆల్కహాల్ పోయాలి, పాతదాంట్లో రంగు చేరి ఉంటుంది. మొదటి స్లైడుకు ఆల్కహాల్ 2 సెకన్లు, రెండోదానికి 10 సెకన్లు, మూడోదానికి 5 నిమిషాలు. నాలుగోదానికి 10 సెకన్లే, కానీ అయోడిన్ దశ పూర్తిగా వదిలేయాలి.

మొదటిదాంట్లో గుండ్లు, గొలుసులు చాలావరకు ఊదాగానే ఉంటాయి. దీన్ని మాత్రమే చూసినవాళ్లు బుడిపె బ్యాక్టీరియాను గ్రామ్ పాజిటివ్ అని రాసేస్తారు. రెండోదాంట్లో రెండు రంగులు విడిపోతాయి. మూడోదాంట్లో పెరుగు కణాలు కూడా పాలిపోవడం మొదలై, పల్చగా ఉన్న చోట్ల చాలా గులాబీకి తిరిగి ఉంటాయి. ఎంత భాగం తిరిగిందన్నది స్మియర్ మందాన్ని, పెరుగు వయసును బట్టి మారుతుంది. నాలుగోదాంట్లో మందపాటి గోడ ఉండి కూడా పెరుగు కణాలు ఊదాను నిలుపుకోలేవు. అయోడిన్ లేదు గనక రంగు చిన్న అణువుగానే ఉండిపోయింది, ముడుచుకున్న సందుల్లోంచి కూడా జారిపోతుంది. మొదటి మూడింటిని పక్కపక్కన పెడితే గోడ కాలాన్ని ఎలా సాగదీస్తుందో తెలుస్తుంది. నాలుగోది చూస్తే గోడ ఒక్కటే చాలదనీ, ఆ గోడకు తగినంత పెద్ద సరుకు లోపల తయారు కావాలనీ తెలుస్తుంది.

1884లో బెర్లిన్‌లో ఈ పద్ధతిని ప్రచురించిన డెన్మార్క్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్‌కు ఈ గోడల సంగతి తెలిసే వీలు లేదు, అప్పటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. 1983లో బెవరిడ్జ్, డేవిస్ అయోడిన్‌కు బదులు ప్లాటినం సమ్మేళనం వాడి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద రంగు ఎటు పోతోందో చూశారు. ఈ. కోలైలో బయటి పొర చెదిరి రంగు పోవడం, బేసిల్లస్ సబ్‌టిలిస్‌లో నిలవడం అప్పుడు కనిపించింది. అసలు రంగు లోపలి పొర దాటి సైటోప్లాజం దాకా వెళ్తుందా, గోడలోనే ఆగుతుందా అన్నదాని మీద వాదన తర్వాత కూడా నడిచింది. గోడ తీసేసిన బేసిల్లస్ ప్రోటోప్లాస్టులు మాత్రం రంగును నిలుపుకోలేవు.

తప్పు మీదా, కణానిదా

మధ్య స్మియర్‌లో పెరుగు కడ్డీలు కొన్ని గులాబీగా వచ్చాయనుకోండి. మళ్లీ స్టెయిన్ చేయడానికి ఉరకకండి, ముందు ఎడమ స్మియర్‌కు జరగండి. అక్కడ మందంగా ఉన్నచోట ఊదా, అంచుల్లో పల్చనచోట గులాబీ అయితే ఆల్కహాల్ ఎక్కువైంది. అంచుల్లో కణాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ముందు అవే వదిలేస్తాయి. అలా కాకుండా ఒకే గొలుసులో ఒక కణం ఊదా, పక్కది గులాబీ, ఇంకోటి ఊదా ఉంటే అది ఆల్కహాల్ పని కాదు, పక్కపక్కనున్న కణాలకు ఆల్కహాల్ వేర్వేరుగా అందదు. పెరుగు పాతది. పులిసిన పెరుగులో పెరుగుదల ఆగిపోయి, కణాల సొంత ఎంజైములే గోడను కొరుక్కుతింటాయి. గోడ పల్చబడినదో చిట్లినదో రంగు వదిలేస్తుంది, ఇంకా గట్టిగా ఉన్నది నిలుపుకుంటుంది. ల్యాబ్ కల్చర్లలో 18 నుంచి 24 గంటల వయసువే తీసుకోమనడానికి కారణం ఇదే.

మూడు స్మియర్లూ పూర్తిగా గులాబీ అయితే అయోడిన్ సీసా చూడండి, లేత పసుపుకు దిగి ఉంటుంది. అది బాగుంటే మంట మీద ఎక్కువ కాల్చారేమో చూసుకోండి. మూడూ ఊదా అయితే స్మియర్ మందం, లేదా ఆల్కహాల్ తొందరగా ఆగింది. కుడి స్మియర్‌లో గులాబీ గుండ్ల మధ్య చక్కటి ఊదా కడ్డీలు మాత్రమే అక్కడక్కడా ఉంటే స్టెయిన్ బాగానే కుదిరింది, బుడిపె కడగడంలో లోపం, అవి మట్టి బేసిల్లస్‌లు.

ఈ కొలతలు అన్నింటికీ పనిచేయవు. క్షయ బ్యాక్టీరియా గోడలో మైకోలిక్ ఆమ్లాల మైనం ఉంటుంది. ఈ రంగులు సరిగా దిగవు, దానికి జీల్ నీల్సన్ పద్ధతి వేరే ఉంది. మైకోప్లాస్మాకు గోడే లేదు, ఎంత జాగ్రత్తగా చేసినా ఊదా నిలవదు. దాన్ని గులాబీగా చూసి బయటి పొర ఉందనుకుంటే పొరపాటు.

రికార్డులో ఫలితం పక్కన ఆల్కహాల్ ఏది వాడారో, ఎన్ని సెకన్లు ఉంచారో, పెరుగు ఎన్ని గంటలదో తప్పక రాయండి. ఇవి లేకుండా గ్రామ్ పాజిటివ్ అని ఒక్క మాట రాస్తే, తర్వాత స్లైడు చూసేవాళ్లకు తేడా ఎక్కడొచ్చిందో వెతికే దారి ఉండదు. చేతికంటిన ఊదా రంగు సబ్బుకు పోదు, ఆల్కహాల్‌తో తుడుచుకుంటే చాలావరకు పోతుంది. క్రిస్టల్ వయొలెట్ ఒంటికి మంచిది కాదు కాబట్టి మొదలే గ్లవ్స్ వేసుకోండి.